చీటీ పాట వెనక నడిచే మాటలు

పక్కవాళ్ల గురించి మాట్లాడుకోవడమంటే చాడీలు చెప్పుకోవడమేనని చాలామంది నమ్మకం. లెక్క తీసి చూస్తే సంగతి వేరుగా ఉంది. అమెరికాలో మేగన్ రాబిన్స్, అలెగ్జాండర్ కరన్ అనే ఇద్దరు పరిశోధకులు 467 మంది రోజువారీ సంభాషణలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. మనుషుల వెంట ఉండే చిన్న రికార్డర్ మధ్యమధ్యలో తనంతట తానే ఆన్ అయి కొన్ని మాటలు పట్టుకునేది. అక్కడ లేని మనిషి గురించి మాట్లాడిన ప్రతి మాటనూ వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. మెలకువగా ఉన్న 16 గంటల్లో ఇలాంటి మాటలకు సగటున 52 నిమిషాలు పోతున్నాయని తేలింది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు మంచీ కాదు, చెడూ కాదు. ఫలానా ఆమె ఊరెళ్లింది, ఫలానా ఆయన ఉద్యోగం మారాడు, అంతే. తప్పుపట్టే మాటలు 15 శాతం దగ్గర ఆగాయి. మెచ్చుకోళ్లు అంతకన్నా తక్కువ, 9 శాతం. ఆడవాళ్లు మగవాళ్లకంటే కొంచెం ఎక్కువ మాట్లాడిన మాట నిజమే గానీ, ఆ ఎక్కువంతా ఈ మంచీచెడూ లేని కబుర్లలోనే ఉంది. తప్పులెన్నడంలో ఇద్దరికీ తేడా లేదు. అమ్మలక్కల కబుర్లంటూ ఒక వైపే వేలు చూపించడం ఎంత అన్యాయమో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

తీర్పు లేని ఆ మూడు వంతుల మాటలతో ఎవరికేం పని? బ్రిటన్‌కు చెందిన మనస్తత్వవేత్త రాబిన్ డన్‌బార్ 1990లలో దీనికొక వివరణ ఇచ్చారు. కోతులు ఒకదాని ఒంటిమీది పేలు మరొకటి ఏరుతూ గంటలు గడుపుతాయి. శుభ్రతకు అంతసేపు అక్కర్లేదు. అవసరమైనప్పుడు నా పక్షాన నిలబడేదెవరో తేల్చుకునే పద్ధతి అది. అయితే ఒక చేయి ఒకసారి ఒక ఒంటినే సవరించగలదు. గుంపు పెరిగేకొద్దీ అందరితో ఆ బంధం నిలుపుకోవడానికి రోజు చాలదు. మాట వచ్చాక ఒకరు ముగ్గురితో ఒకేసారి కూర్చోగలిగారు, అక్కడ లేనివాళ్ల సంగతులు కూడా తెలుసుకోగలిగారు. భాష పుట్టుకంతా ఇదేనన్న ఆయన వాదనతో ఏకీభవించనివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ సహజంగా సాగే సంభాషణల్లో మూడింట రెండు వంతులు మనుషుల సంగతులే అని ఆయన బృందం చూపిన లెక్కను పక్కన పెట్టడం కష్టం.

ఈ మాటలు చేసే పని కళ్లకు కట్టేది డబ్బు చేతులు మారే చోట. తెలుగు ఊళ్లలో, పట్నపు కాలనీల్లో ఇళ్ల మధ్య నడిచే చీటీలు అలాంటి చోటే. ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం. అయినా వీధికొకటి నడుస్తూనే ఉంది. కాగితం ఉండదు, జామీను ఉండదు, కోర్టుకు వెళ్లే దారి దాదాపు ఉండదు. మరి అంత డబ్బు దేని మీద నిలబడుతోందంటే, చాలావరకు మాటల మీదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇరవై మంది సభ్యులు, నెలకు ₹5,000, ఇరవై నెలలు. నెలకు పోగయ్యేది ₹1,00,000. మొదటి నెల మొత్తాన్ని పాట లేకుండా చీటీ నడిపే ఆమె తీసుకుంటుంది. ఆమె శ్రమకు, పూచీకి అదే ప్రతిఫలం అనుకుందాం. రెండో నెల పాట పెడితే డబ్బు అత్యవసరమైన ఒక సభ్యురాలు ₹75,000కే పాడుకుంది. తగ్గిన ₹25,000 ఇరవై మందికీ పంచితే తలకు ₹1,250. ఆ నెల అందరూ కట్టేది ₹3,750. ఇంతవరకూ అందరికీ లాభమే. కానీ పాడుకున్న ఆమె ఇంకా పద్దెనిమిది నెలలు కట్టాలి. ఆరో నెల నుంచి ఆపేస్తే పదిహేను వాయిదాలు, అంటే పాటల తగ్గింపు లెక్కేయకుండా చూస్తే ₹75,000 దాకా మిగిలిన వాళ్ల నెత్తిన పడుతుంది. లేదా నడిపే ఆమె తన చేతి నుంచి పెట్టుకోవాలి.

అందుకే రెండో నెల పాట ముగిసిన సాయంత్రం నుంచే ఆ వీధిలో మాటలు నడుస్తాయి. "అంత తక్కువకు పాడేసిందంటే ఏం అవసరం వచ్చిందో వదినా." "వాళ్లాయనకు రెండు నెలలుగా జీతం రాలేదట." "కాదులే, పిల్లవాడికి కాలేజీ ఫీజు కట్టాలి, మొన్న మా ఇంట్లోనే చెప్పింది." ఈ మూడు మాటల్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కానీ రెండో మాట నిజమైతే ప్రమాదం ఉంది, మూడో మాట నిజమైతే లేదు. ఫీజు కోసం డబ్బు ఎత్తుకున్న ఇంటికి ఆదాయం ఉంటుంది, జీతం ఆగిన ఇంటికి ఉండదు. బ్యాంకు ఏ కాగితం అడిగినా పట్టలేని తేడా ఇది. ఆ ఇంట్లో స్కూటర్ అమ్మేశారా, పనమ్మాయిని మాన్పించారా, బంగారం కుదువ పెట్టారా అన్నది గేటు ముందు నిలబడే పక్కింటి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1990లో గుంపుగా ఇచ్చే అప్పుల గురించి రాస్తూ చెప్పింది ఇదే: ఒకరి బాకీకి ఒకరు పూచీపడ్డ ఇరుగుపొరుగు, దూరాన ఉన్న బ్యాంకు కంటే చవగ్గా, నిశితంగా ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచగలరు. ఆ కన్నేయడం ఆచరణలో ఎలా ఉంటుందంటే, సాయంత్రం అరుగు మీది కబుర్లలా ఉంటుంది.

మంచీచెడూ లేని మాటలే ఎక్కువ ఎందుకుంటాయో ఇక్కడ అర్థమవుతుంది. "వాళ్లింటికి చుట్టాలొచ్చి నెల అయింది" అన్నప్పుడు చెప్పిన ఆమె మీద ఏ నిందా పడదు. విన్న ఆమె తన లెక్క తాను వేసుకుంటుంది. తీర్పు మాటలో ఉండదు, వినేవాళ్లకు వదిలేస్తారు.

ఇంతవరకూ సమాచారం సంగతి. అయితే ఇలా మాట్లాడుకున్న ఇద్దరి మధ్య దగ్గరతనం ఎందుకు పెరుగుతుందో సమాచారం ఒక్కటే చెప్పలేదు. జెన్నిఫర్ బాసన్, ఆమె సహచరులు 2006లో ప్రచురించిన ప్రయోగాలు ఆ ముడి విప్పడానికి పనికొస్తాయి. ముందుగా జనాన్ని తమ దగ్గరి స్నేహితులతో ఇతరుల గురించి ఏయే అభిప్రాయాలు కలిశాయో రాయమన్నారు. నచ్చినవాళ్ల కంటే నచ్చనివాళ్ల గురించిన అభిప్రాయాలే ఎక్కువ గుర్తొచ్చాయి. తర్వాత ఒక సంభాషణ రికార్డింగ్ వినిపించి, అందులోని ఒక యువకుడిలో నచ్చిందేమిటో, నచ్చనిదేమిటో చెప్పమన్నారు. ఇప్పుడు మీరు కలవబోయే అపరిచిత వ్యక్తికి కూడా అతనిలో అదే నచ్చిందని కొందరికి, అదే నచ్చలేదని కొందరికి చెప్పారు. ఆ కలవబోయే మనిషి మీద ఎంత దగ్గరతనం అనిపిస్తోందని అడిగారు.

ఊహించమన్నప్పుడు, ఇష్టం కలిస్తేనే దగ్గరవుతామని జనం అన్నారు. తీరా జరిగింది తిరగబడింది. అయిష్టం కలిసినప్పుడే బంధం బలంగా కనిపించింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ యువకుడి మీద గట్టి అభిప్రాయం ఉన్నవాళ్లకు ఇష్టమైనా అయిష్టమైనా ఒకటే, ఏది కలిసినా దగ్గరయ్యారు. తేడా కనిపించింది అభిప్రాయం బలహీనంగా ఉన్నవాళ్లలో. మామూలుగా, పెద్దగా పట్టింపు లేకుండా నచ్చిందనుకున్న సంగతి కలిస్తే ఏమీ కదలలేదు. అంతే పట్టింపు లేకుండా నచ్చలేదనుకున్న సంగతి కలిస్తే మాత్రం దగ్గరతనం పుట్టింది. తర్వాతి పరిశోధనలో దీనికి కారణంగా కనబడింది "ఈ మనిషి నాకు తెలుసు" అన్న భావన. మంచి మాట అందరూ అంటారు కాబట్టి దాని వల్ల అన్నవాళ్ల గురించి పెద్దగా తెలిసేది ఉండదు. చెడ్డ మాట అనడానికి మర్యాద అడ్డుపడుతుంది. ఆ అడ్డు దాటి అన్నారంటే నిజంగా అనుకున్నదే అన్నారని అవతలివాళ్లు తీసుకుంటారు.

ఈ ఫలితాన్ని మన వీధి చీటీకి తెచ్చుకుంటే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. "ఆవిడ వాయిదా ఎప్పుడూ ఆలస్యమే" అని ఒకామె ఇంకొకామెతో అన్నదంటే, ఆ మాట అసలు మనిషి చెవిన పడే ప్రమాదాన్ని తలకెత్తుకుంది. రేపు గేటు దగ్గర నిలదీయవచ్చు, పండక్కి పలకరింపు మానేయవచ్చు. విన్న ఆమె చేతిలో ఇప్పుడు చెప్పిన ఆమె పరువు కొంత ఉంది. బదులుగా విన్న ఆమె కూడా ఒక మాట చెబితే ఇద్దరి చేతుల్లోనూ ఇద్దరి పరువూ ఉంటుంది. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు బయటపెట్టుకోలేరు. బంధం చెప్పిన విషయంలో కంటే, ఇలా ఒకరికొకరు చిక్కడంలో ఉంది. వీధిలో అందరికీ తెలిసిన పాత సంగతి ఎంతసేపు మాట్లాడుకున్నా ఇద్దరు దగ్గరవకపోవడానికి, ఎవరికీ తెలియని చిన్న సంగతి ఒక్క నిమిషంలో దగ్గర చేయడానికి కారణం ఇదే కావాలి.

మాక్స్ గ్లక్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1963లో దీన్ని గుంపు స్థాయిలో చూపించారు. అమెరికా వాయవ్య తీరంలో నివసించే మకా అనే తెగలో 1940ల మొదట్లో ఎలిజబెత్ కోల్సన్ ఉండి పరిశీలించారు. వాళ్లు ఒకరి వంశాన్ని ఒకరు తక్కువ చేసుకుంటూ, ఒకరి గొప్పల్ని ఒకరు ఎత్తిపొడుస్తూ అంతులేకుండా మాట్లాడుకునేవారు. పైనుంచి చూస్తే ఆ తెగ ముక్కలవుతున్నట్టు ఉంటుంది. గ్లక్‌మన్ దాన్ని తిరగేసి చదివారు. ఎవరి తాత ఎవరో, ఏ గొప్ప ఎవరిదో తెలిస్తేనే ఆ ఎత్తిపొడుపులు అర్థమవుతాయి. బయటివాడు పక్కనే కూర్చున్నా ఆ మాటల్లో చేయి పెట్టలేడు. ఫలానా వాళ్లను గురించి మాట్లాడే హక్కు ఉందంటేనే ఆ గుంపులో మనిషన్నమాట. మన చీటీలోనూ అంతే. ఎవరి వాయిదా గురించి నలుగురూ మాట్లాడుకుంటారో ఆ మనిషి చీటీలో మనిషి. గ్లక్‌మన్ వాదనకు 1967లో రాబర్ట్ పెయిన్ అడ్డం తిరిగారు. గుంపు మాట్లాడదు, మనుషులు మాట్లాడతారు, ప్రతి మనిషీ తన లాభం చూసుకునే మాట్లాడతాడని ఆయన వాదం. నిజానికి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. వాయిదా ఎగ్గొట్టే మనిషి గురించి హెచ్చరించే సభ్యురాలు తన డబ్బు కాపాడుకుంటోంది. ఆ పనిలోనే మిగిలిన సభ్యుల డబ్బూ కాపాడుతోంది.

ఇంత ప్రమాదం ఉన్న పనికి మనుషులు ఇంత సులువుగా ఎలా పూనుకుంటారు? నోట్లో నువ్వుగింజ నానదని ఊరికే అనలేదు. మాథ్యూ ఫైన్‌బర్గ్ బృందం 2012లో చేసిన ప్రయోగంలో, డబ్బు పంచుకునే ఆటలో ఒకడు నమ్మినవాళ్లను మోసం చేయడం చూసినవాళ్ల గుండె వేగం పెరిగింది. తర్వాత ఆడబోయే మనిషికి కాగితం మీద రెండు ముక్కలు రాసి హెచ్చరించే అవకాశం ఇస్తే ఆ ఆందోళన తగ్గింది. అలా రాయడానికి తమ చేతి డబ్బు కొంత వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. ఎవరో మోసపోబోతున్నారని తెలిసి నోరు మూసుకోవడం ఒంటికే కష్టంగా ఉంటుంది. మాట బయటపెట్టగానే ఆ ఒత్తిడి దిగుతుంది. ఆ ఉపశమనమే మళ్లీ మళ్లీ మాట్లాడిస్తుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. హెచ్చరించినా, ఊరికే ఎవరినో చెడగొట్టినా చెప్పేవాళ్లకు కలిగే తృప్తి ఒకలాగే ఉంటే, వినేవాళ్లు రెండింటినీ వేరు చేయాలి. అది చాలా కష్టమైన పని. రాల్ఫ్ సోమర్‌ఫెల్డ్, ఆయన సహచరులు 2007లో విద్యార్థులతో ఒక ఆట ఆడించారు. ఎదుటివాళ్లు ఇదివరకు ఎలా ఆడారో ఆ రికార్డంతా కళ్ల ముందే ఉంది. దానితోపాటు వాళ్ల గురించి ఎవరో అన్న ఒక మాట కూడా చూపించారు. ఆ మాటలో రికార్డులో లేని కొత్త సంగతి ఏదీ లేదు. అయినా ఆ మాటను బట్టి నిర్ణయాలు మారాయి. కళ్లతో చూసింది ఎదురుగానే ఉన్నా ఇతరులు ఏమనుకుంటున్నారన్నది మనసు మీద గట్టిగా పనిచేసింది.

చీటీలో దీని ప్రమాదం ఎలా ఉంటుందంటే, ఒక రోజు "నడిపే ఆమె ఐపీ పెట్టబోతోందట" అన్న మాట పుడుతుంది. అది అబద్ధమే అనుకుందాం. ఇంకా పాడుకోని పన్నెండు మంది తమ డబ్బు వెనక్కి ఇమ్మని ఒకేసారి తలుపు తడతారు. పాడుకున్న ఎనిమిది మంది ఎలాగూ మునిగే చీటీకి కట్టడమెందుకని వాయిదాలు ఆపేస్తారు. నిన్నటి వరకు చక్కగా నడుస్తున్న చీటీ రెండు వారాల్లో నిజంగానే మునుగుతుంది. మాట నిజమైందని అందరూ అనుకుంటారు. మాట వల్లే మునిగిందని ఎవరికీ తట్టదు. అప్పటిదాకా ఆ వీధిని కలిపి ఉంచిన మాటలే దాన్ని విడగొడతాయి.

ఇలాంటప్పుడు నమ్మదగ్గ మాటను గుర్తించే దారులు లేకపోలేదు. నికోల్ హెస్, ఎడ్వర్డ్ హేగన్ 2006లో చూపించినట్టు, జనం రెండు సంగతులు సహజంగానే చూస్తారు. ఒకరికొకరు సంబంధం లేని నోళ్ల నుంచి అదే మాట వచ్చిందా, చెప్పేవాళ్లకు ఆ మనిషితో పోటీ ఏమైనా ఉందా అన్నవి. మొదటిదే ఎక్కువగా మోసం చేసేది. నలుగురు చెప్పారు కాబట్టి నాలుగు సాక్ష్యాలు అనిపిస్తుంది. నలుగురూ ఒకే పాలబూత్ దగ్గర ఒకే మనిషి నోట విని ఉంటే అది ఒక్కటే సాక్ష్యం. "నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు" అని రెండు మెట్లు వెనక్కి నడిస్తే చాలావరకు తేలిపోతుంది. వాట్సాప్ గ్రూపులో ఈ నడక సాధ్యం కాదు. ఫార్వర్డ్ అయిన మాటకు పుట్టిన చోటు కనిపించదు, దాన్ని పంపినవాళ్లు పరువు పణంగా పెట్టిందీ ఉండదు. అందుకే అలాంటి మాట వేగంగా తిరుగుతుంది గానీ, ఎదురెదురుగా కూర్చుని చెప్పుకున్న మాటలా ఇద్దరిని దగ్గర చేయదు.

చెప్పేవాళ్లకూ ఒక హద్దు ఉంది. నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ ఉద్యోగుల మీద లేయా ఎల్‌వార్ట్ బృందం చేసిన పరిశీలన 2012లో వచ్చింది. ఇద్దరు కలిసి ఇతరుల గురించి మాట్లాడుకుంటే ఆ ఇద్దరి మధ్య తర్వాత స్నేహం ఏర్పడే అవకాశం పెరిగింది. కానీ అందరితోనూ అలా మాట్లాడే మనిషికి స్నేహితులు తక్కువగా ఉన్నారు. పైన చెప్పిన ప్రమాదం లెక్కలోకి తీసుకుంటే ఇందులో వింతేమీ లేదు. అందరికీ చెప్పేవాళ్లు నాకు చెప్పారంటే నన్నేమీ నమ్మినట్టు కాదు. పైగా నా సంగతి కూడా పక్కింట్లో చెబుతారు. దీనికి తోడు జాన్ స్కౌరోన్‌స్కీ, ఆయన సహచరులు 1998లో బయటపెట్టిన మరో సంగతి ఉంది. ఎదుటి మనిషి గుణం గురించి చెప్పినప్పుడు, వినేవాళ్లు తెలియకుండానే ఆ గుణాన్ని చెప్పేవాళ్లకే అంటగడతారు. పక్కామె మోసగత్తె అని పదిసార్లు చెప్పిన మనిషిని చూస్తే మోసమే గుర్తొస్తుంది. చీటీ బాగా నడిపే ఆడవాళ్లు ఎక్కువ విని తక్కువ చెప్పడం వెనక ఈ తెలివి ఉంటుంది. అందరూ ఆమెకు చెబుతారు, ఆమె నోటి నుంచి ఒకరి మాట ఒకరికి చేరదు.

వీటన్నిటికంటే పెద్ద లోపం ఎవరి గురించి ఏ మాటలూ లేవో వాళ్ల విషయంలో కనిపిస్తుంది. కొత్తగా అద్దెకు దిగిన కుటుంబానికి వీధిలో చరిత్ర లేదు. మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు. అలాంటివాళ్లను చీటీలో చేర్చుకున్నా చివర్లో పాడుకోమంటారు. చివర పాడుకునేవాళ్లు ముందే దాదాపు అంతా కట్టేసి ఉంటారు, ఎగ్గొట్టేందుకు ఏమీ మిగలదు. ఇది న్యాయంగానే ఉంటుంది. ఒక చీటీ పూర్తయ్యేసరికి వాళ్ల గురించీ నాలుగు మాటలు పోగవుతాయి, మరుసటి చీటీలో ముందు పాడుకోనిస్తారు.

ఒంటరిగా ఉండే ఆడమనిషి సంగతి అలా కాదు. ఆమె వాయిదా ఏ నెలా తప్పకపోయినా, ఆమె గురించి నడిచే మాటలు వాయిదా గురించి ఉండవు. ఇంటికి ఎవరు వస్తున్నారు, రాత్రి ఎన్నింటికి తిరిగొచ్చింది, మొగుడు ఎందుకు వదిలేశాడు అన్నవే ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆమె ₹5,000 కడుతుందో లేదో చెప్పదు. అయినా ఈ మాటలు పంచుకున్నవాళ్లు ఒకరికొకరు దగ్గరవుతూనే ఉంటారు, పైన చెప్పిన కారణాలన్నీ ఇక్కడా పనిచేస్తాయి. ఆ దగ్గరతనం ఖర్చు మాత్రం ఆమె మీద పడుతుంది. కబుర్ల వల్ల గుంపు గట్టిపడుతుందని చెప్పే పరిశోధనల్లో ఈ ఖర్చు లెక్క అంతగా కనిపించదు. కొలిచేది మాట్లాడిన ఇద్దరి దగ్గరతనాన్నే, మాటపడిన మూడో మనిషి నష్టాన్ని కాదు. వీధి చీటీలో చోటు దొరకని ఆమెకు రిజిస్టరైన చిట్ కంపెనీ తలుపు తెరిచే ఉంటుంది. కానీ పాడుకున్న డబ్బు చేతికి రావాలంటే అక్కడ జామీనుదారులు కావాలి. జీతం ఉన్న ఎవరో ఒకరు ఆమె కోసం సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టేముందు ఆ మనిషి కూడా ఆమె ఉండే వీధిలోనే వాకబు చేస్తాడు.